అప్‌డేట్: నీళ్ల టైమింగ్స్ మీటింగ్‌లో ఇలా చెప్పాను

నా ప్రశ్న: అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కొత్త నీళ్ల టైమింగ్స్ తెలుగు, హిందీ వాళ్లందరికీ ఎలా చెప్పాలి?

మీటింగ్ అయింది. "రోజు విడిచి రోజు" అనే మాట వదిలేశాను. అలా లెక్కపెడితే ఈ సోమవారం వచ్చిన నీళ్లు వచ్చే వారం మంగళవారానికి జరుగుతాయి. అందుకే కమిటీని ఒప్పించి సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం 6 నుంచి 7.30 అని ఖాయం చేయించాను. హిందీలో "కల్" అంటే నిన్న, రేపు రెండూ కదా, అక్కడా వారం పేర్లే చెప్పాను.

తర్వాత ముగ్గురిని తిరిగి చెప్పమన్నాను. ఒక బామ్మగారు, "అయితే శుక్రవారం పట్టినవి సోమవారం దాకా సరిపెట్టుకోవాలా?" అని అడిగారు. నేను అసలు చెప్పాల్సింది అదే! శని, ఆదివారాలు నీళ్లు రావని రెండు భాషల్లోనూ మళ్లీ చెప్పాను. చాలామందికి అప్పుడే విషయం తెలిసింది.