రొయ్యల తూకాల్లో 68-95-99 లెక్క కుదరడం లేదు, ఎక్కడ పొరపాటు?

కావలి దగ్గర మా నాన్న వనామి గుంటలు చూస్తారు. మొన్న పొద్దున విసురు వలతో పట్టి, 200 రొయ్యల్ని ఒక్కొక్కటిగా చిన్న కాటాలో తూచాను. సగటు 18 గ్రాములు, ప్రామాణిక విచలనం 4 గ్రాములు వచ్చింది. అంటే కిలోకి సుమారు 55 కౌంట్.

సూత్రం ప్రకారం 14 నుంచి 22 గ్రాముల మధ్య 68 శాతం, అంటే 136 రొయ్యలు ఉండాలి. 10 నుంచి 26 మధ్య 95 శాతం, 190 ఉండాలి. నాకు మొదటి దాంట్లో 120, రెండో దాంట్లో 198 వచ్చాయి. మధ్యలో తక్కువ, అంచుల్లో దాదాపు ఏమీ లేవు. 200 సాంపిల్‌లో 136కి ఆరేడు అటూ ఇటూ అవడం మామూలే, కానీ 16 తేడా అంటే వలలో ఏవి పడితే అవి పడ్డాయని సరిపెట్టుకోలేకపోతున్నా.

కాగితం మీద గ్రాముకో గడి చొప్పున గీతలు పెట్టి చూస్తే గంట ఆకారం రాలేదు. 14, 15 దగ్గర ఒక గుట్ట, 21, 22 దగ్గర ఇంకో గుట్ట లేచాయి. సగటు 18 దగ్గరే పల్లం! ఈ సూత్రం గంట ఆకారానికే వర్తిస్తుందని తెలుసు. కాబట్టి ఎదగని రొయ్యలు వేరే గుంపుగా ఉన్నాయని అనుకోవచ్చా? లేక రెండు వలలూ మేత ట్రే పక్కనే వేయడం వల్ల ఇలా వచ్చిందా?

కొనేవాళ్లు కౌంట్‌ను బట్టే ధర కడతారు, అందుకే పట్టుబడికి ముందే తేల్చుకోవాలి. నాలుగు మూలలా వల వేసి మళ్లీ తూచాలంటే ఎన్ని రొయ్యలు చాలు? రెండు గుంపులకూ సగటు, విచలనం విడివిడిగా ఎలా తీయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.