సపోర్ట్ నుంచి ప్రోడక్ట్ కంపెనీకి: చేసిన పని దాచాలా, చూపించాలా?

గన్నవరం_ఎల్2 (ప్రశ్న)
బ్యాంకు క్లయింటుకి జావా అప్లికేషన్ సపోర్ట్ చేస్తున్నా, మూడేళ్లు దాటింది. టికెట్లు, లాగ్స్, రీస్టార్ట్‌లు, ఎస్‌క్యూఎల్‌తో డేటా సరిచేయడం, ఇంతే పని. రెండేళ్లలో ప్రోడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ పనికి మారాలి. సపోర్ట్ అనుభవాన్ని రెజ్యూమెలో దాచి లీట్‌కోడ్ మీద కూర్చోమని కొందరు, ఉన్నది ఉన్నట్టు చూపించమని కొందరు అంటున్నారు. ఏది వినాలి?

పటమట_కోడర్
దాచెయ్ బ్రో. మొదటి రౌండ్ ఆన్‌లైన్ టెస్ట్, గంటో గంటన్నరో ఇచ్చి రెండు మూడు ప్రాబ్లమ్స్ పెడతారు, అక్కడ నీ టికెట్ల గురించి అడిగేవాడే ఉండడు. నా రూమ్మేట్ ఏడాదిన్నర రోజూ లీట్‌కోడ్ చేశాడు, వెళ్లిపోయాడు. ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో పెడితే ఎవరు తెరిచి చూస్తారు?

మంగళగిరి_బ్యాకెండ్
మా టీమ్‌కి ఇంటర్వ్యూలు తీసుకుంటాను కాబట్టి చెబుతున్నా. టెస్ట్ విషయంలో పటమట తమ్ముడు చెప్పింది నిజమే, అది దాటకపోతే మిగతాదంతా వృథా. కానీ దాచమనడం తప్పు. డెవలపర్‌నని రాసుకుంటే "మీరు రాసిన కోడ్‌లో కష్టమైనది ఒకటి చెప్పండి" అనే మొదటి ప్రశ్నకే ఆగిపోతారు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మం.

గన్నవరం తమ్ముడూ, నీ లాగ్స్‌లో ఇది చూసే ఉంటావు:

```
Connection is not available, request timed out after 30000ms
```

ఇది వచ్చినప్పుడు రీస్టార్ట్ చేస్తారు, కాసేపు బాగుంటుంది, టికెట్ మూసేస్తారు, మళ్లీ వస్తుంది. ఇది ఎందుకు వస్తుందో నీ లాప్‌టాప్‌లో పుట్టించి చూపించు. స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్‌తో చిన్న పేమెంట్ సర్వీస్ రాయి. ఆర్డర్ సేవ్ చెయ్యాలి, బ్యాంకుని పిలవాలి (బ్యాంకు బదులు 2 సెకన్లు నిద్రపోయే డమ్మీ సర్వీస్ చాలు), స్టేటస్ మార్చాలి. మూడూ ఒకే `@Transactional` లోపల పెట్టు.

హికారీ పూల్‌లో మామూలుగా 10 కనెక్షన్లు ఉంటాయి. ఒక్కో రిక్వెస్ట్ 2 సెకన్ల పాటు కనెక్షన్‌ని పట్టుకుని కూర్చుంటే సెకనుకి 5 కంటే ఎక్కువ పూర్తి కావు. జేమీటర్‌తో సెకనుకి 20 పంపితే సెకనుకి 15 చొప్పున క్యూలో పేరుకుంటాయి, నిమిషం లోపే ఆ ఎర్రర్ నీ కళ్ల ముందు వస్తుంది. డేటాబేస్ అప్పటికి దాదాపు ఖాళీగా ఉంటుంది, సీపీయూ కూడా. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పగలిగినవాళ్లు తక్కువ.

చాలామంది పూల్‌ని 50కి పెంచుతారు. అప్పుడు సెకనుకి 25 దాకా వెళ్తుంది, సరే. అదే అప్లికేషన్ నాలుగు చోట్ల నడుస్తుంటే 200 కనెక్షన్లు కావాలి, పోస్ట్‌గ్రెస్ `max_connections` మామూలుగా 100. ఇంక డేటాబేసే `too many clients already` అంటుంది. అసలు మందు, బ్యాంకు కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తీయడం: ముందు ఒక చిన్న ట్రాన్సాక్షన్, కాల్, తర్వాత ఇంకో చిన్న ట్రాన్సాక్షన్. ముందూ వెనకా కొలతలు రీడ్‌మీలో రాసి పెట్టు.

పటమట_కోడర్
అన్నా, లాప్‌టాప్‌లో డమ్మీ బ్యాంకుతో చేసింది అనుభవం ఎలా అవుతుంది? యూట్యూబ్ చూసి ఎవరైనా చేస్తారు.

మంగళగిరి_బ్యాకెండ్
కోడ్ ఎవరైనా రాస్తారు, ఒప్పుకుంటా. కానీ బ్యాంకు కాల్ అయ్యాక, రెండో ట్రాన్సాక్షన్‌కి ముందు సర్వర్ పడిపోతే ఏమవుతుంది అని నేను అడుగుతాను. డబ్బు కట్ అవుతుంది, ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంటుంది. "అమౌంట్ కట్ అయింది, ఆర్డర్ రాలేదు" అనే టికెట్లు సపోర్ట్‌లో ఉన్నవాడు ఎన్ని చూసి ఉంటాడు! పెండింగ్‌లో మిగిలిన వాటిని బ్యాంకు స్టేటస్‌తో సరిచూసే జాబ్ కావాలని, మళ్లీ ప్రయత్నిస్తే రెండుసార్లు కట్ కాకుండా ప్రతి పేమెంట్‌కీ ఒక ప్రత్యేక కీ పంపాలని వాడికి వెంటనే తడుతుంది. యూట్యూబ్ చూసి చేసినవాడు అక్కడ ఆగుతాడు.

తెనాలి_అన్న
మా తమ్ముడు బీటెక్ ఫైనల్ ఇయర్. వాడు కూడా ఇది చేస్తే క్యాంపస్‌లో ప్రోడక్ట్ కంపెనీ వస్తుందా? లేకపోతే ముందు క్లౌడ్ సర్టిఫికెట్ తీసుకోమంటారా?

మంగళగిరి_బ్యాకెండ్
క్యాంపస్ వేరే లెక్క అండి, అక్కడ టెస్టే ముఖ్యం. వాడిని లీట్‌కోడ్ చేయనివ్వండి.

గన్నవరం_ఎల్2
ఆదివారం కూర్చుని చేశా అన్నా. ఎర్రర్ వచ్చింది, అచ్చం ఆఫీసులో వచ్చినట్టే. బ్యాంకు కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తీశా, అయినా సెకనుకి 5 దగ్గరే ఉంది, అదే ఎర్రర్. లెక్క తప్పా, నేను తప్పా?

కృష్ణలంక_జావా
స్టార్టప్ లాగ్‌లో `spring.jpa.open-in-view is enabled by default` అని హెచ్చరిక ఉందేమో చూడు. అది ఆన్‌లో ఉంటే మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్ రిక్వెస్ట్ అయ్యేదాకా వదలదు, ట్రాన్సాక్షన్ అయిపోయినా సరే. ఇది పెట్టి చూడు:

```
spring.jpa.open-in-view=false
```

గన్నవరం_ఎల్2
ఉంది, రోజూ కనిపించే లైనే! పెట్టాక 20కి ఒక్క ఎర్రర్ లేదు. 90 దాకా బాగానే వెళ్లింది, 120 పంపితే మళ్లీ ఆలస్యం మొదలైంది.

మంగళగిరి_బ్యాకెండ్
ఇప్పుడు ఆపుతున్నది పూల్ కాదు, టామ్‌క్యాట్. మామూలుగా 200 థ్రెడ్లు, ఒక్కోటి 2 సెకన్లు, అంటే సెకనుకి 100. లెక్క తప్పిన సంగతి, ఎలా పట్టుకున్నావో అంతా రాయి. సాఫీగా నడిచిన ప్రాజెక్ట్ కంటే నేను ఇదే చదువుతాను. ఒక్క జాగ్రత్త, క్లయింట్ లాగ్స్, టేబుల్ పేర్లు, ఆఫీసు కోడ్ ఒక్క లైను కూడా గిట్‌హబ్‌లోకి రాకూడదు. ఉద్యోగం పోతుంది, ఇంకా పెద్ద గొడవలు కూడా అవుతాయి.

ఇలాంటివి రెండేళ్లలో మూడు చాలు. ఈలోపు మీ డెవలప్‌మెంట్ టీమ్‌ని చిన్న బగ్ ఫిక్స్ అయినా ఇవ్వమని అడుగుతూ ఉండు. చివరి ఏడెనిమిది నెలలు లీట్‌కోడ్.

బ్రాడీపేట_అమ్మ
నేనూ సపోర్టే, గుంటూరు నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్, పాపకి రెండేళ్లు. వారం పగలు, వారం రాత్రి షిఫ్ట్. మీరు చెప్పిన ప్రాజెక్ట్ ముక్కలు ముక్కలుగా చేయగలను, ఎక్కడ ఆపానో నోట్స్ ఉంటుంది. లీట్‌కోడ్ అలా కాదు, పది రోజులు వదిలేస్తే చేతిలోంచి జారిపోతుంది. చివర్లో ఏడెనిమిది నెలలు అంటే నాలాంటివాళ్లకి కుదరదండి.

పటమట_కోడర్
ఈ మాట మాత్రం అక్క కరెక్ట్‌గా చెప్పింది. మొదటి రోజు నుంచే రోజుకి ఒక్క ప్రాబ్లమ్ అయినా చేయాలి. అన్న చెప్పిన ప్రాజెక్ట్ బాగుంది, కాదనను, కానీ అది అడిగే రౌండ్ దాకా వెళ్లాలి కదా.

మంగళగిరి_బ్యాకెండ్
షిఫ్టుల్లో ఉన్నవాళ్లకి రోజుకొకటి అనే పద్ధతే మంచిదేమో, నేను పగటి షిఫ్ట్ లెక్కలో చెప్పాను. కానీ అదొక్కటే పెట్టుకోవద్దంటాను.

బ్రాడీపేట_అమ్మ
ఇంకోటి అండి. మాకు నోటీస్ పీరియడ్ 90 రోజులు. అన్ని రౌండ్లూ అయ్యాక హెచ్‌ఆర్ 30 రోజుల్లో రావాలంటున్నారు. ఆఫర్ చేతిలో లేకుండా ముందే రిజైన్ చేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కృష్ణలంక_జావా
నేను చేయలేదండి, చేయొద్దంటాను కూడా. మొదటి హెచ్‌ఆర్ కాల్‌లోనే 90 రోజులని చెప్పండి, కొన్ని కంపెనీలు ఆగుతాయి, కొన్ని బైఅవుట్ డబ్బు తామే కడతాయి. మీ ఆఫీసు బైఅవుట్‌కి ఒప్పుకుంటుందో లేదో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసుకోండి, కొన్నిచోట్ల అది మేనేజర్ ఇష్టమని రాసి ఉంటుంది.