పండగ దాటాక, విరిగి చేరిన పార్సిల్: కస్టమర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

బొమ్మల_కొట్టు: కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. దసరా కొలువు కోసం ఒకావిడ దశావతారాల సెట్టు తీసుకున్నారు. బొమ్మలు రూ. 2,400, కొరియర్ రూ. 180, యూపీఐలో కట్టారు. పాడ్యమికల్లా చేరుతుందని చెప్పాను. పండగ అయ్యాక చేరింది, అదీ వామనుడి గొడుగు, పరశురాముడి గొడ్డలి ఊడిపోయి. ఫొటోలు పంపారు. కొత్త సెట్టు పంపిస్తానని మెయిల్ పెట్టనా?

లారీ_రాజు: ముందు కొరియర్ వాళ్ల దగ్గర క్లెయిమ్ వేయండి. అది తేలాకే డబ్బు. లేకపోతే మీ జేబుకే చిల్లు.

మధుమతి: క్లెయిమ్ వేయాల్సిందే. అట్టపెట్టె, లోపలి ప్యాకింగ్ పారేయొద్దని ఆవిడకు ఇవాళే చెప్పండి, అవి లేకపోతే కొరియర్ వాళ్లు ఒప్పుకోరు. కానీ దానికోసం ఆవిడ డబ్బు ఆపకూడదు రాజు గారూ. ఆవిడ కొన్నది ఈయన దగ్గర. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సరుకు పాడైనా, చెప్పిన తేదీ దాటినా రిఫండ్ కాదనకూడదు. వరదల్లాంటివి వచ్చి ఆలస్యమైతే వేరే సంగతి. ఇక కొత్త సెట్టంటారా, కొలువు అయిపోయాక ఏం చేసుకుంటారు?

గోదారి_గట్టు: మా వైపు కొలువు సంక్రాంతికండీ! ఆవిడకూ పనికొస్తుందేమో, అడిగితే పోయేదేముంది.

మధుమతి: అడగండి, కాకపోతే రిఫండ్ మాట చెప్పాక. నేనైతే ఇలా రాస్తాను:

*"నమస్కారమండీ. పాడ్యమికి చేరాల్సిన బొమ్మలు పండగ దాటాక, అదీ రెండు విరిగి చేరాయి. కొలువుకు అందించలేకపోయినందుకు క్షమించండి. మీరు కట్టిన రూ. 2,580 మొత్తం, కొరియర్ ఖర్చుతో సహా, మీరు చెల్లించిన ఖాతాకే ఈరోజు వెనక్కి పంపాను. 12 అంకెల రిఫరెన్స్ నంబర్ కింద ఉంది. ఇందుకోసం మీరు ఏ లింకూ నొక్కక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. బొమ్మలు మా ఖర్చుతో తెప్పించుకుంటాం. సంక్రాంతికి సెట్టు కావాలంటే చెప్పండి."*

కొరియర్ వాడిని తిడుతూ ఒక్క ముక్క రాయకండి. లింకు, పిన్ మాట మాత్రం తీసేయొద్దు, రిఫండ్ పేరుతో మోసాలు ఎక్కువై జనం అసలు మెయిల్‌ని కూడా నమ్మట్లేదు. డబ్బు పంపాకే మెయిల్ కొట్టండి. "త్వరలో పంపుతాం" అని రాశారంటే మళ్లీ రోజూ ఫోన్లే.

చీరల_పిచ్చి: నాకు చీర చిరిగి వచ్చింది. నేనూ ఇలాగే రాస్తే డబ్బు వస్తుందా?

మధుమతి: ఇది అమ్మేవాళ్లు రాసే మెయిలండీ. మీరు ఫొటోలతో వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి.

లారీ_రాజు: కొరియర్ ఖర్చు కూడా ఇచ్చేస్తే చిన్న వ్యాపారికి ఏం మిగులుతుంది? నాకైతే సబబుగా లేదు.

బొమ్మల_కొట్టు: డబ్బు వేసి మెయిల్ పంపాను. ఆవిడ జవాబు చూడండి: "బాగున్న ఎనిమిదీ ఉంచుకుంటాను, వాటి డబ్బు తీసుకోండి." సెట్టుగా వేసిన ధర కదా, పెద్ద బొమ్మ నరసింహుడికీ, చిన్న కూర్మానికీ ఒకే లెక్క కట్టనా?