జీడిపప్పు పేజీలో నలభై కీవర్డులు పెట్టినా గూగుల్‌లో కనిపించడం లేదు

అప్పలనాయుడు (కాశీబుగ్గ): నిన్న సాయంత్రం మొదలుపెట్టి రాత్రి రెండింటి వరకు దీనితోనే కుస్తీ పట్టాను. మా నాన్నగారి జీడిపప్పు దుకాణానికి నేనే ఒక పేజీ తయారుచేసి, ఈ ట్యాగులో నలభై పదాలు రాశాను. తెలుగులోను, ఇంగ్లీషు అక్షరాలలోను, జనం తప్పుగా కొట్టే స్పెల్లింగులతోను పెట్టాను.

```html
<meta name="keywords" content="పలాస జీడిపప్పు, palasa kaju, ...">
```

అయినా ‘పలాస జీడిపప్పు ధర’ అని వెతికితే మా దుకాణం జాడే లేదు. ఇంకా ఏ పదాలు చేర్చాలో దయచేసి చెప్పండి.

సూర్యారావు: ఏమీ చేర్చవద్దు. గూగుల్ ఆ ట్యాగును చూడదు.

గౌరి (విజయనగరం): చూడకపోతే మాకు కోర్సులో ఎందుకు నేర్పుతారండీ? కీవర్డులతోపాటు డిస్క్రిప్షన్ ట్యాగు కూడా రాస్తేనే పేజీ పైకి వస్తుంది. ఆయన రెండవది మరచిపోయి ఉంటారు.

సత్యవతి: గౌరి గారూ, మీరు చెప్పినదానిలో సగం నిజం ఉంది. డిస్క్రిప్షన్ వలన స్థానం మారదు, కానీ ఫలితంలో శీర్షిక కింద వచ్చే రెండు వాక్యాలను గూగుల్ కొన్నిసార్లు అక్కడి నుండి తీసుకుంటుంది కనుక, చదివినవారు నొక్కాలా వద్దా అన్నది దానిని బట్టి ఉంటుంది. కీవర్డ్స్ ట్యాగు సంగతి వేరు. 1990లలో ఆల్టావిస్టా, ఇన్ఫోసీక్ వంటివి దానిని చదివేవి. అది పేజీకి వచ్చినవారి కంటికి కనిపించదు కాబట్టి, అందులో అబద్ధం రాసినా అడిగేవారు లేక, పేజీకి సంబంధంలేని పదాలన్నీ అందులో కుక్కారు. వెబ్ ఫలితాల వరుసను నిర్ణయించడానికి దానిని వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగానే చెప్పింది.

అప్పలనాయుడు గారూ, మీ పేజీ `<title>`లో ఏముంది? పేజీలోని అక్షరాలు మౌసుతో సెలెక్ట్ అవుతున్నాయా?

రామ్మూర్తి (పొందూరు): అసలు రోగం ఫాంట్లది! మా ఖద్దరు దుకాణం వివరాలను ప్రెస్సులో అను ఫాంటులో కొట్టించి తెచ్చి పేజీలో అతికిస్తే, తెరమీద పిచ్చి గీతలు వచ్చాయి. యూనికోడ్ రాని డీటీపీ వారు ఇంకా ఎందరో ఉన్నారు. ముందుగా వారి చేత అది నేర్పించాలి.

అప్పలనాయుడు: టైటిల్‌లో `Home` అని ఉంది. అది మార్చాలని నాకు తెలియదు. అక్షరాలు సెలెక్ట్ కావడం లేదు. ఫ్లెక్సీ దుకాణం వారు చేసి ఇచ్చిన పోస్టరునే పేజీ మొత్తానికి పెట్టాను, రకాలు, ధరలు, చిరునామా అన్నీ అందులోనే ఉన్నాయి. ఇది కూడా చెప్పాలని తోచలేదు.

సత్యవతి: అదీ సంగతి. మీ పేజీలో చదవడానికి గూగుల్‌కు దాదాపు ఏమీ లేదు. బొమ్మలోని అక్షరాలను అది పట్టుకుంటుందని నమ్మి కూర్చోకూడదు. పోస్టరును కింద ఉంచి, పైన యూనికోడ్‌లో రాయండి. డబ్ల్యూ 240 అంటే పౌను బరువుకు 220 నుండి 240 పలుకుల వరకు తూగే పప్పు అనీ, డబ్ల్యూ 320 అంతకంటే చిన్నదనీ, బద్ద ఏ వంటకు సరిపోతుందో, నేటి ధర ఏ తేదీదో, కొనేవారు మీ కౌంటరు దగ్గర అడిగే మాటలలోనే రాయండి. శీర్షిక ఇలా ఉండవచ్చు.

```html
<title>పలాస జీడిపప్పు ధరలు, కాశీబుగ్గ | Palasa cashew price</title>
```

తరువాత గూగుల్‌లో `site:` అని, ఖాళీ వదలకుండా మీ డొమైన్ చిరునామా కొట్టండి. ఏమీ రాకపోతే పేజీ ఇంకా సూచికలోకి చేరలేదని అనుకోవచ్చు. అప్పుడు సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో కారణం చూసి, ఇండెక్సింగ్ కోరండి. దీనికి కొద్ది రోజుల నుండి కొన్ని వారాల వరకు పట్టవచ్చు. చేరినా, ‘జీడిపప్పు ధర’ అన్న ఒక్క మాటకు పెద్ద వ్యాపారులే ముందుంటారు. మీరు ఊరి పేరు, రకం పేరు కలిసిన వెతుకులాట మీద ఆశపెట్టుకోవచ్చు.

గౌరి: అలాగైతే కీవర్డులు ముఖ్యమనే కదా మీరూ అంటున్నారు?

సత్యవతి: మాట ఒకటే, వస్తువులు రెండు. జనం వెతికే పదం వేరు, ఆ పేరుగల ట్యాగు వేరు. మొదటిది పేజీ వాక్యాలలో ఉండాలి.

సూర్యారావు: బింగ్ మాత్రం ట్యాగును చూస్తుందని కొందరంటారు.

సత్యవతి: అక్కడ కూడా దానిమీద ఆశపెట్టుకొని రాత్రి రెండింటి వరకు కూర్చోవలసిన పనిలేదు.

రామ్మూర్తి: ఫాంట్ల విషయానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.

అప్పలనాయుడు: శీర్షిక మార్చి, రకాల గురించి నాలుగు పేరాలు టైపు చేశాను. `site:` కొడితే ఇంకా ఏమీ రాలేదు. ధరలు రాయడానికి మాత్రం నాన్నగారు ఒప్పుకోవడం లేదు, పక్క కొట్టువారు చూస్తారట. అందరికీ ధన్యవాదాలు.