సమస్యాపూరణం: కనులఁ బడు నోడకే కదా కాపు గలదు

నిర్వాహకుడు
ఈ వారం సమస్య తేటగీతి పాదం:

*కనులఁ బడు నోడకే కదా కాపు గలదు*

యుద్ధంలో ఓడ దాక్కోవాలి కదా, కంటపడితే కాపు ఎలాగంటారా? పూరణ అక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఓడలకు నలుపు, తెలుపు, నీలం పట్టీలు అడ్డదిడ్డంగా వేసిన సంగతి దృష్టిలో పెట్టుకోండి. దగ్గరి విషయాలూ తేవచ్చు. సమస్యాపాదం మాత్రం మార్చకూడదు.

కొత్తకలం
గురువుగారూ, నా ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

అలల వన్నెలఁ బూయఁగా నబ్ధిలోన
కలిసిపోవును నౌకయు కడలి తోడ
వైరికిని గాక తనవారి వైపు నుండి
కనులఁ బడు నోడకే కదా కాపు గలదు

శత్రువుకి కనిపించదు, మనవాళ్ళకి మాత్రం కనిపిస్తుంది అని నా భావం.

పాతపెట్టె
గణాలు, యతి అన్నీ కుదిరాయి తమ్ముడూ. మొదటి పాదంలో "అబ్ధి", రెండో పాదంలో "కడలి" ఒకటే మాట రెండుసార్లు వచ్చింది, అది చిన్న విషయం. పెద్ద చిక్కు భావంలో ఉంది. ఒకే రంగు శత్రువుకి కనపడకుండా, మనవాళ్ళకి కనపడేలా ఎలా ఉంటుంది?

ఇంకోటి. జలాంతర్గామి పెరిస్కోప్ నీటికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. అంత కిందినుంచి చూస్తే ఓడ వెనకాల ఉండేది అలలు కాదు, ఆకాశం. అలల రంగు పూసి లాభం లేదు. పోనీ ఆకాశం రంగు పూద్దామంటే అది గంటకో రకంగా మారుతుంది. పైగా బొగ్గు పొగ దూరం నుంచే ఓడను పట్టిస్తుంది. నార్మన్ విల్కిన్సన్ అనే సముద్ర చిత్రకారుడు 1917లో పట్టుకున్నది ఈ కిటుకే. దాచలేనప్పుడు దాచే ప్రయత్నం మానేసి, చూసేవాడి అంచనాను పాడుచేయాలన్నాడు.

కొత్తకలం
అంచనా అంటే? ఓడ కనిపిస్తోందిగా, కాల్చేయొచ్చుగా?

పాతపెట్టె
టార్పెడో తుపాకి గుండులా వెంటనే తగలదు. ఒక కిలోమీటరు పోవడానికి దాదాపు నిమిషం పడుతుంది. 12 నాట్ల వేగంతో పోయే ఓడ ఆ నిమిషంలో 370 మీటర్లు జరుగుతుంది. కాబట్టి ఓడ ఇప్పుడున్న చోటికి కాదు, నిమిషం తర్వాత ఉండబోయే చోటికి గురిపెట్టాలి. అందుకు దాని వేగం, దూరం, ముఖ్యంగా అది ఏ దిశలో పోతోందో కమాండరు తేల్చుకోవాలి. పెరిస్కోప్ పైకెత్తి ఉంచేది కొద్ది క్షణాలే, ఎక్కువసేపుంటే తనే దొరికిపోతాడు.

ఇప్పుడు ఓడ తన చూపుకి సరిగ్గా అడ్డంగా పోతోందని అతను అనుకున్నాడనుకో. నిజానికి అది 45 డిగ్రీలు వాలుగా పోతోంది. లెక్క సులువు కోసం దూరం మారలేదనుకుందాం. అడ్డంగా జరిగేది 370 కాదు, 260 మీటర్లే. గురి 110 మీటర్లు ముందుకు పడింది. ఓడ పొడవే 120 మీటర్లయితే, నడిమికి గురిపెట్టిన టార్పెడో ముక్కు ముందునుంచి ఖాళీగా పోతుంది. ఆ 45 డిగ్రీల పొరపాటు చేయించడమే చారల పని. ముక్కు దగ్గర దొంగ అల గీస్తారు, ముందుభాగం ఎక్కడ ముగిసిందో తెలియకుండా పట్టీలు వంచుతారు. రెండు పక్కలా వేర్వేరు బొమ్మ వేస్తారు. నా పూరణ:

చారలను జూచి గమనపు జాడ తప్పి
ముందు వెనుకల నెఱుగని మోసమందు
వదలు టార్పెడో గురి తప్పి వార్ధిఁ గలియు
కనులఁ బడు నోడకే కదా కాపు గలదు

నిర్వాహకుడు
బావుంది. "వదలు టార్పెడో" చక్కగా అమరింది. ఒక్క సందేహం, జాడ తప్పిందీ ఎఱుగనిదీ ఎవరు? శత్రువు అనే కర్త పద్యంలో లేడు. చదివేవాడు ఓడే దారి తప్పిందనుకోవచ్చు.

పాతపెట్టె
ఒప్పుకుంటాను. దిద్ది పెడతాను.

తీరవాసి
అందరికీ నమస్కారం. సమస్య చూడగానే మా నాన్న గుర్తొచ్చాడండి. మాది భీమిలి దగ్గర చేపల ఊరు. ఒకసారి తెల్లవారుజామున మంచులో ఒక పెద్ద ఓడ మా పాత పడవ పక్కనుంచి దూసుకుపోయింది, ఆ అలకి వలలన్నీ పోయాయి. అప్పటినుంచీ నాన్న ప్రతి ఏడాదీ పడవకి పసుపు, నారింజ రంగులు వేసేవాడు.

చేపలకు పోవు మా నావ చిన్నదైన
పసుపు నారింజ రంగుల పైన నిలువ
పెద్ద నౌకలు చూచియే తొలగిపోవు
కనులఁ బడు నోడకే కదా కాపు గలదు

కృత్తిక
అన్నయ్యా, పద్యం మనసుకి తగిలింది. యుద్ధం లేదు గానీ సమస్య మాత్రం నిజంగానే తీరింది. మూడో పాదంలో యతి తప్పింది చూడండి: "పె"కి "తొ" చెల్లదు. "పెద్ద నౌకలు చూచియే పెడగఁ బోవు" అంటే సరిపోతుంది.

తీరవాసి
"పెడగఁ బోవు" మా వాడుకకి దగ్గరగా ఉందమ్మా. అదే ఉంచుతాను.

కృత్తిక
నేను ఓడల్ని వదిలి ట్యాంకుల దగ్గరికి వెళ్ళాను. 1944లో అమెరికన్ సైన్యంలో దాదాపు 1100 మందితో 23వ హెడ్‌క్వార్టర్స్ స్పెషల్ ట్రూప్స్ అనే దళం ఉండేది. అందులో చాలామంది కళాకారులు, సౌండ్ మనుషులు. గాలి ఊదే రబ్బరు షెర్మన్ ట్యాంకులు నిలబెట్టి, బుల్డోజర్లతో నేలమీద గొలుసుచక్రాల గాట్లు పెట్టి, రాత్రిళ్ళు లౌడ్‌స్పీకర్లలో ట్యాంకుల చప్పుడు వినిపించేవారు. 1945 మార్చిలో రైన్ నది దగ్గర రెండు డివిజన్లు ఇక్కడే దాటబోతున్నాయన్నట్టు నటించారు, అసలు దాటింది వేరేచోట.

గాలి నూదిన ట్యాంకులు గట్టుపైన
శత్రువులు చూడ నిలిపిరి చాటు లేక
నిజపు దండది వేఱొక నెలవు చేరె
కనులఁ బడు నోడకే కదా కాపు గలదు

ఇక్కడ విరుపు వేరు: "కనులఁ బడును, ఓడకే కదా కాపు గలదు". బొమ్మ ట్యాంకులు కంటపడతాయి, సైన్యం ఓటమి లేకుండా నిలుస్తుంది.

కొత్తకలం
అబ్బ, ఓడని ఓటమి చేశారు!

పాతపెట్టె
విరుపు మెచ్చుకోదగినదే. కానీ "ఓడకే కాపు గలదు" అర్థం బలవంతంగా ఉంది. "ఓడక గెలిచె" అంటాం గానీ "ఓడక కాపు కలదు" అంటామా? ఇంకో మాట, ఆ ట్యాంకుల్లో గాలి చలికి తగ్గిపోయి తెల్లారేసరికి ఫిరంగి గొట్టం వాలిపోయేది. పొద్దు పొడవకముందే మనుషులు తిరిగి చూసుకుని మళ్ళీ ఊదేవారు. వాలిన గొట్టం ఒక్కటి కనిపిస్తే చాలు, నాటకం బయటపడుతుంది. అది పద్యంలోకి తేగలిగితే ఇంకా బావుంటుంది.

కృత్తిక
"కాపు" అంటే కాపలా దళం అని కూడా ఉంది కదా. ఓడిపోకుండా కాపలా దళం మిగిలింది అని చెప్పుకోవచ్చు. నేను వెనక్కి తీసుకోను.

కొత్తకలం
చారలు వేసిన ఓడలు నిజంగా తక్కువ మునిగాయా?

పాతపెట్టె
అది తేలలేదు. రెండు వేలకు పైగా ఓడలకి వేశారు. 1918లో నౌకాదళం కమిటీ పెట్టి లెక్కలు చూసింది, ఖాయంగా లాభం ఉందని చూపలేకపోయింది. చారలు మొదలైన 1917లోనే ఓడల్ని గుంపులుగా, యుద్ధనౌకల కాపుతో పంపడం కూడా మొదలైంది. ఏది ఎంత కాపాడిందో విడదీయలేం. సిబ్బందికి ధైర్యం వచ్చిందన్నది మాత్రం ఒప్పుకున్నారు.

నిర్వాహకుడు
కృత్తిక గారి విరుపు మీద మిగతావాళ్ళూ చెప్పండి. నేను "ఓడకే"ని ఒప్పుకుంటున్నాను, "కాపు" దగ్గరే ఆగుతున్నాను. కొత్తకలం, పెరిస్కోప్ చూపు పట్టుకుని మీ పద్యం మళ్ళీ రాయండి. "అలల వన్నెలఁ" తీసేసి "ఆకసము" నుంచి మొదలుపెట్టి చూడండి.