ఆఫీసు ఉమ్మడి ఫైళ్లకు బ్యాకప్పా, రెప్లికేషనా, సింకా?

లెక్కలపద్దు: మాది గుంటూరులో ఆరుగురు పనిచేసే ఆడిట్ ఆఫీసు. 200 జీబీ ఉమ్మడి ఫోల్డరు గూగుల్ డ్రైవ్‌తో సింక్ అవుతోంది. దీనికి మళ్లీ బ్యాకప్ కావాలా, ఆఫీసు నెట్‌వర్కుకు తగిలించి అందరూ ఫైళ్లు పెట్టుకునే రెండు డిస్కుల పెట్టె, అదే నాస్, కొంటే సరిపోతుందా?

రెండుడిస్కులు: నాస్ కొని రెయిడ్ 1 పెట్టుకోండి, రాసినదంతా రెండు డిస్కులమీదా ఒకేసారి పడుతుంది, రెప్లికేషన్ అంటే అదే. నిరుడు మా ఆఫీసులో ఒక డిస్కు చెడిపోతే, అందరూ భోజనం చేసి వచ్చేలోగా కొత్తది బిగించాము, ఎవరి పనీ ఆగలేదు. ఇంతకు మించి బ్యాకప్ చేసేదేమిటో నాకు తెలియదు.

పాతసర్వర్: అది డిస్కు చెడిపోవడానికి మాత్రమే మందు. నేను చూసుకునే ఒక ఆఫీసులో గుమాస్తా పాత సంవత్సరపు తరుగుదల షీటు తెరిచి, దానిమీదే కొత్త లెక్కలు సేవ్ చేశాడు. ఆ తప్పు అదే క్షణంలో రెండు డిస్కులకూ ఎక్కింది, సింక్ దాన్ని అన్ని కంప్యూటర్లకూ చేరవేసింది. నోటీసు వచ్చాక, తప్పు జరిగిన 47వ రోజున చూసుకునేసరికి డ్రైవ్‌లో పాత ప్రతి లేదు, ఎందుకంటే ఎక్సెల్ ఫైలు పాత ప్రతికి `Keep forever` పెట్టకపోతే 30 రోజుల తరువాత అది తొలగిపోవచ్చు.

స్టూడియోబాబు: మా ఫోన్‌లో ఫోటోలు చెరిపితే డ్రైవ్‌లోనూ పోయాయి. స్టోరేజీ పెంచుకుంటే తిరిగి వస్తాయా?

పాతసర్వర్: రావండీ. ముందు ట్రాష్‌లో వెతకండి.

రెండుడిస్కులు: నాస్‌లో ఫైళ్లు ఏ రోజు ఎలా ఉన్నాయో దాచే స్నాప్‌షాట్లు ఉంటాయన్న సంగతి మీరు దాటేశారు. పైగా మీ బ్యాకప్‌ను నమ్మి నేను ఒకసారి మునిగాను: రెండేళ్లపాటు రోజూ "పూర్తయింది" అని చూపించింది, తీరా అవసరమైననాడు తెరిస్తే ఫోల్డరు ఖాళీ!

పాతసర్వర్: స్నాప్‌షాట్ ఆ గుమాస్తాను కాపాడేదే, ఒప్పుకుంటాను. కానీ అది అదే పెట్టెలో ఉంటుంది. పెట్టె దొంగలపాలైనా, అడ్మిన్ పాస్‌వర్డు రాన్సమ్‌వేర్‌కు చిక్కినా ఫైళ్లూ స్నాప్‌షాట్లూ కలిసే పోతాయి. ఇక ఆ రెండేళ్లలో ఒక్క ఫైలునైనా వెనక్కి తీసి చూశారా?

రెండుడిస్కులు: పాఠాలు వద్దు. జీఎస్టీ గడువు రోజున ఒక పూట ఆగితే క్లయింట్లకు జవాబు చెప్పుకోవలసింది నేను, మీరు కాదు.

పాతసర్వర్: మీ బాధ పని ఆగడం గురించి, నాది పాత ఫైలు పోవడం గురించి, ఇంతసేపూ మనం వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటున్నాము. ఒక పూట ఆగినా ఓర్చుకోగల ఆరుగురి ఆఫీసుకైతే ముందు బ్యాకప్, డబ్బు మిగిలితే నాస్. 1 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు కొని, రాత్రి ట్యాలీ మూసేశాక పాత ప్రతులను ఉంచే బ్యాకప్ నడపండి, ప్రతి శుక్రవారం డిస్కు మార్చి రెండోదాన్ని ఇంటికి పట్టుకెళ్లండి. నెలకొకసారి మూడు నెలల నాటి షీటు ఒకటి వేరే ఫోల్డరులోకి తీసి, తెరిచి, మొత్తాలు సరిచూడండి.

లెక్కలపద్దు: క్లయింట్ల కాగితాలున్న డిస్కు ఇంటికి వెళ్లడానికి మా భాగస్వామి ఒప్పుకోరు.

పాతసర్వర్: కీ లేనిదే డిస్కు తెరుచుకోకుండా విండోస్‌లోని బిట్‌లాకర్ వేయండి. అయితే ఆ 48 అంకెల రికవరీ కీని అదే ఉమ్మడి ఫోల్డరులో దాచకండి.

లెక్కలపద్దు: కీ ఎవరి దగ్గర ఉండాలన్నదే ఇప్పుడు మా ఇద్దరి మధ్య తగవు.