లాస్ట్ స్లైడ్‌లో సేవ్ అడగాలా, షేర్ అడగాలా, అసలేమీ అడగకూడదా?

సిరి_పేజీ: ప్లాట్ కొనేముందు చూసుకోవాల్సిన కాగితాల మీద ఇన్‌స్టాలో 8 స్లైడ్ల కేరొసెల్ పెట్టాను. లైకులు బానే వచ్చాయి, సేవ్‌లూ షేర్లూ దాదాపు లేవు. చివరి స్లైడ్‌లో థాంక్యూ అని రాసి "నచ్చితే లైక్, సేవ్, షేర్, ఫాలో చేయండి" అని నాలుగు ఐకాన్లు పెట్టా. ఏం మార్చాలి? సేవ్ అడగాలా, షేర్ అడగాలా?

డిజైన్_బాబాయ్: నాలుగు అడిగితే జనం వాటిల్లో తేలికైనది చేసేసి వెళ్లిపోతారమ్మా, బొమ్మ మీద రెండుసార్లు తడితే లైక్ పడిపోతుంది, మీకు జరిగింది అదే. సేవ్ నొక్కాలంటే "ఇది నాకు ఫలానా రోజు కావాలి" అనిపించాలి, షేర్ చేయాలంటే ఎవరో ఒక మనిషి గుర్తుకు రావాలి. మీ స్లైడ్‌లో ఆ రోజూ లేదు, ఆ మనిషీ లేడు.

ముందు ఆ థాంక్యూ తీసేయండి. ఎనిమిదో స్లైడ్‌ని మొత్తం పోస్టుకి చిట్టీలాగా చేయండి. ఈసీ 30 ఏళ్లది తీశారా, లింక్ డాక్యుమెంట్లన్నీ చూశారా, 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా, లేఅవుట్‌కి అప్రూవల్ ఉందా, ఇలా పక్కన ఖాళీ గడులతో. దాని కింద ఒకే ఒక్క లైను: "అడ్వాన్స్ ఇచ్చే రోజు ఇది తెరిచి ఒక్కోటీ చూసుకోండి, ఇప్పుడే సేవ్ చేసుకోండి." అంతే, ఫాలో సంగతి క్యాప్షన్‌లో రాసుకోండి. స్లైడ్‌లో ఉన్న వస్తువే దాచుకోదగ్గదైతే ఆ లైను ఊరికే గుర్తుచేయడానికి, వస్తువు లేకుండా ఎంత అందంగా అడిగినా ఎవరూ దాచుకోరు.

వేణు_వైజాగ్: బాబాయ్ చెప్పింది ఓకే కానీ అసలు విషయం ఏంటంటే లైకులకి ఇప్పుడు విలువ సున్నా బ్రో, అల్గారిథం సేవ్ ఒక్కటే చూస్తుంది, సేవ్‌లు పెంచుకుంటే రీచ్ దానంతటదే వస్తుంది.

డిజైన్_బాబాయ్: సగం కరెక్ట్ వేణూ. లైక్ తేలికగా పడేది కాబట్టి పోస్టు ఉపయోగపడిందా లేదా దాన్ని బట్టి తెలీదు, అంతవరకు నిజం. కానీ ఇన్‌స్టా హెడ్ ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో తనే చెప్పాడు, ర్యాంకింగ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు, చూసిన సమయం, లైకులు, సెండ్‌లు అంటే మెసేజ్‌లో ఇంకొకరికి పంపడం అని. మనల్ని ఆల్రెడీ ఫాలో అవుతున్నవాళ్లకి చూపించేటప్పుడు లైకులు కాస్త ఎక్కువ పనిచేస్తాయి, కొత్తవాళ్ల దగ్గరకి వెళ్లాలంటే సెండ్‌లు. ఆ మూడింట్లో సేవ్ లేదు. అంటే సేవ్ దండగ అని కాదు, దాచుకున్నవాడు మళ్లీ వచ్చి చూస్తాడు, కానీ "సేవ్ ఒక్కటే" అనడానికి ఆధారం లేదు.

పద్మక్క_పచ్చళ్ళు: నాది కూడా ఇదే బాధ అండీ, ఆవకాయ కొలతల పోస్టు పెట్టా, కారం ఎంత ఆవపిండి ఎంత ఉప్పు ఎంత అని, చివర్లో "ఆర్డర్ కోసం మెసేజ్ చేయండి" అని పెట్టా, ఒక్క ఆర్డరూ రాలేదు. మా కస్టమర్లని అడిగితే "ఆ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నాం అక్కా, మేమే పెట్టేసుకున్నాం" అన్నారు 😅 మరి లింకు పెట్టమంటారా?

డిజైన్_బాబాయ్: అక్కా, పచ్చడి ఎలా పెట్టాలో మీరే నేర్పి మళ్లీ కొనమంటే ఎలా? కొలతల పోస్టుకి సేవ్ అడగండి, ఆర్డర్లకి వేరే పోస్టు పెట్టండి. సిరి గారి ప్రశ్న ఆర్డర్ల గురించి కాదు కానీ మీరు మంచి మాటే అన్నారు, స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు ఇన్‌సైట్స్‌లో సేవ్‌గా లెక్కకి రారు.

ఓరుగల్లు_పోరడు: గదే నేను చెప్దామనుకున్న. బాబాయ్ సేవ్ సేవ్ అంటుండు గని నాకు ఒప్పుబాటు గాలే. మా ఇంట్ల ప్లాట్ చూసేది మా బాపు, ఆయనకి ఇన్‌స్టానే లేదు. నేను సేవ్ చేసుకొని ఏం జేస్త? స్క్రీన్‌షాట్ కొట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల ఏస్త. పైసలు పెట్టేటోడు వేరే, ఇన్‌స్టా చూసేటోడు వేరే అయినప్పుడు "మీ ఇంట్ల ప్లాట్ చూస్తున్నోళ్లకి పంపుండ్రి" అనే అడగాలె. ఇంకో ముచ్చట, ఆ స్లైడ్ ఒక్కటే విడిగ తిరుగుతది కాబట్టి పేజీ పేరు దాని మీదనే ఉండాలె, ఏ నెల ఏ సంవత్సరం నాటి సమాచారమో గూడ రాయాలె. రూల్ మారినంక పాత ఫొటో గ్రూపులల్ల తిరిగితే తిట్లు మనకే.

వేణు_వైజాగ్: అయితే సింపుల్‌గా "ముగ్గురు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి" అని పెడితే పోలే?

డిజైన్_బాబాయ్: వద్దు. ఫేస్‌బుక్ 2017 డిసెంబర్లోనే ఇలా ట్యాగ్ చేయమని, షేర్ చేయమని ఊరికే ఎగదోసే పోస్టుల్ని కిందికి తోసేస్తామని ప్రకటించింది. అది ఇన్‌స్టా రూల్ కాదు, నాకు తెలుసు, కానీ చదివేవాడికి కూడా ఆ అడగడం చిరాకే. పోరడు చెప్పిన లైను వేరు, అందులో ఎందుకు పంపాలో ఉంది. పేరు, తేదీ సంగతి కూడా నూటికి నూరు కరెక్ట్.

సిరి_పేజీ: సరే ఇలా మార్చా, చూడండి. పైన "అడ్వాన్స్ ఇచ్చేముందు 6 ప్రశ్నలు", గడులు, కింద "అడ్వాన్స్ ఇచ్చే రోజుకి సేవ్ చేసుకోండి, మీ ఇంట్లో ప్లాట్ చూస్తున్నవాళ్లకి పంపండి", కుడివైపు మూలలో సేవ్ గుర్తు వైపు పెద్ద బాణం.

డిజైన్_బాబాయ్: బాణం తీసేయండి. ఫీడ్‌లో అయితే సేవ్ గుర్తు కుడివైపు కిందే ఉంటుంది కానీ ఎవరైనా దీన్ని స్టోరీలో పెట్టినా, పోరడిలాగా గ్రూపులో పడేసినా ఆ బాణం గాల్లోకి చూపిస్తుంది. ఇక రెండూ ఒకే లైన్లో అడగొద్దు. స్లైడ్‌లో సేవ్, పంపమనేది క్యాప్షన్ మొదటి లైన్లో. 6 ప్రశ్నలు కూడా ఫోన్లో కళ్లు చికిలించకుండా చదవగలగాలి, లేకపోతే 4 చాలు.

ఇంకొకటి, చివరి స్లైడ్ దాకా వచ్చేవాళ్లు కొద్దిమందే, అందుకని మొదటి స్లైడ్‌లోనే "చివర్లో చెక్‌లిస్ట్ ఉంది" అని చిన్నగా రాయండి.

ఓరుగల్లు_పోరడు: ఎవరూ చదవని క్యాప్షన్ల దాచుడేంది బాబాయ్, స్లైడ్‌లనే పంపుమనాలె, సేవ్ ముచ్చట క్యాప్షన్‌ల పెట్టుండ్రి.

సిరి_పేజీ: మరి ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? సేవ్‌ల నంబరు చూస్తే సరిపోతుందా?

డిజైన్_బాబాయ్: ఉత్త నంబరు మోసం చేస్తుంది, రీచ్‌తో భాగించాలి. ఒక పోస్టు 10,000 మందికి చేరి 100 సేవ్‌లు తెచ్చింది, ఇంకోటి 2,000 మందికి చేరి 60 తెచ్చింది అనుకోండి, మొదటిది 1 శాతం, రెండోది 3 శాతం, గెలిచింది రెండోదే. షేర్లకీ అదే లెక్క. పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం పోస్టులై ఉండాలి, ప్లాట్ కాగితాల పోస్టుని పండగ శుభాకాంక్షలతో పోలిస్తే లాభం లేదు. ఒకసారి చూసి తేల్చేయకండి కూడా, టాపిక్ వల్ల వచ్చిందో లాస్ట్ స్లైడ్ వల్ల వచ్చిందో ఒక్క పోస్టుతో తెలీదు.

సిరి_పేజీ: అయితే ఈ ప్లాట్ పోస్టుకి పోరడు చెప్పినట్టు స్లైడ్‌లో "పంపండి" పెడతా, తర్వాత ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు చూసుకునే అగ్రిమెంట్ మీద ఒకటి వస్తోంది, దానికి బాబాయ్ చెప్పినట్టు "సేవ్" పెడతా.

డిజైన్_బాబాయ్: అద్దె ఇల్లు వెతికేది కుర్రాళ్లు, వాళ్లే ఇన్‌స్టా చూస్తారు, వాళ్లే సంతకం పెడతారు. అక్కడ సేవ్ ఎక్కువ వస్తే అది లైను గొప్పా, జనాలు వేరా అన్నది తేలదు సిరి గారూ. వీలైతే ప్లాట్ల మీదే రెండో పోస్టు చేసి దానికి సేవ్ పెట్టి చూడండి.

పద్మక్క_పచ్చళ్ళు: మరి నా ఆవకాయ పోస్టుకి ఏం రాయమంటారు, "మామిడికాయలు కొన్న రోజు తెరవండి" అని పెట్టనా?

ఓరుగల్లు_పోరడు: పెట్టు అక్కా, మస్తుంటది. గని మీ అసలు కారం కొలత మాత్రం రాయకుండ్రి 😄